తెర వేసే వేళ కెమెరా ఎక్కడ నిలవాలి?
ఆలయ కైంకర్యాల చిత్రీకరణకు అనుమతి కోరే లేఖపై ఒక పరిశీలన

ఆలయ కార్యనిర్వహణాధికారుల బల్లలపైకి ఈ మధ్యకాలంలో ఒక కొత్త తరహా లేఖ తరచుగా వస్తోంది. భక్తి చానల్ నడిపే ఒక యజమాని, తమ ఆలయంలో జరిగే ఉత్సవాలను, అభిషేకాలను చిత్రీకరించి ఇంటర్నెట్‌లో ప్రసారం చేసుకొనేందుకు అనుమతి దయచేయవలసిందని వినయంగా కోరుతాడు. అర్ధ పుట మించని ఆ లేఖకు సమాధానం కూడా ఒక్క వాక్యంలోనే వెళుతుంది. ‘అనుమతించడమైనది’ అనో, ‘వీలుపడదు’ అనో. ఆ ఒక్క వాక్యం చాలదని విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం ఇప్పుడు చర్చకు రావడానికి కారణాలున్నాయి. ఆలయాల పవిత్రతను, ప్రశాంతతను కాపాడేందుకు లోపల సెల్‌ఫోన్లను నిషేధించాలని మద్రాసు హైకోర్టు 2022 డిసెంబరులో ఆదేశించింది. 2023 మే నెలలో ఒక భక్తుడు తిరుమల ఆలయంలోకి సెల్‌ఫోన్ తీసుకుపోయి ఆనందనిలయాన్ని చిత్రించగా, ఆ దృశ్యం దేశమంతా తిరిగింది. అదే ఏడాది జూలైలో కేదారనాథ్ ఆలయంలో ఫోటోలు, వీడియోలు తీయడాన్ని అక్కడి ఆలయ సమితి నిషేధించింది. ఇవన్నీ అడగకుండా తీసినవారికి సంబంధించిన సంగతులు. అడిగి తీసేవానికి ఏమి చెప్పాలన్నది వేరొక ప్రశ్న. తలుపు తట్టి అడిగినవానికి శాస్త్రసమ్మతమైన, స్పష్టమైన సమాధానం ఇవ్వవలసిన బాధ్యత ఆలయానిది.

లేఖలో ఏముంటుంది?

ఇటువంటి లేఖ నమూనా ఒకటి తీసుకొందాం. వైఖానస ఆగమానుసారం నడిచే ఒక వేంకటేశ్వరాలయంలో అయిదు రోజుల బ్రహ్మోత్సవాలు జరగనున్నాయి. చానల్ యజమాని నాలుగు కోరికలు కోరుతాడు. అంకురార్పణం మొదలు చక్రస్నానం వరకు సమస్త కైంకర్యాలను, మూలవిరాట్టు అభిషేకంతో సహా చిత్రించాలి. వాటిని ప్రత్యక్షంగా ప్రసారం చేయడంతో పాటు, చిన్న చిన్న క్లిప్పులుగా కూడా పెట్టుకోవాలి. శబ్దం స్పష్టంగా రావడానికి అర్చకస్వామి ఉత్తరీయానికి చిన్న మైకు తగిలించాలి. ఆకాశం నుండి డ్రోనుతో విమాన గోపురాన్ని చూపాలి. ఇందుకు ఆలయం రూపాయి కూడా ఇవ్వనక్కరలేదనీ, ఆలయానికి ఉచితంగా ప్రచారం లభిస్తుందనీ చివరి వాక్యం.

లేఖ వ్రాసినవాని భక్తిని శంకించనక్కరలేదు. ఆయన వాదనలో బలమూ లేకపోలేదు. మంచం పట్టిన వృద్ధులు, అమెరికాలోనో గల్ఫ్ దేశాలలోనో ఉన్న మన పిల్లలు ఇంటి నుండే స్వామిని సేవించుకొంటారు. ఒకప్పుడు భద్రాచల సీతారామ కల్యాణాన్ని ఆకాశవాణిలో ఉషశ్రీ గారి వ్యాఖ్యానంతో విని పులకించిన ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. 2008లో శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్ ప్రారంభమైన తరువాత తిరుమల కల్యాణోత్సవం, వాహన సేవలు ఇంటింటికీ చేరాయి. 2020లో కరోనా మహమ్మారి వలన భక్తులు లేకుండానే భద్రాచల కల్యాణం జరిపినపుడు జనం దానిని టీవీలోనే చూశారు. కాబట్టి ప్రసారం అనేదే దోషమని ఎవరూ అనరాదు. దోషమేదైనా ఉంటే, అది ఏది చూపాలి, ఏది చూపరాదు అన్న విచక్షణ లేకపోవడంలో ఉంది.

సమాధానం ఎవరు చెప్పాలి?

లేఖ కార్యనిర్వహణాధికారి పేరిట వచ్చినా, ఇందులో రెండు వేరు వేరు విషయాలున్నాయి. స్థలం, భద్రత, ఒప్పందం, రుసుము అనేవి పరిపాలనకు చెందినవి. ఏ కైంకర్యం పరుల దృష్టికి రావచ్చు, ఏది రారాదు అన్నది ఆగమానికి చెందినది. 1987 నాటి దేవాదాయ చట్టం సైతం అధికారులు ఆలయ సంప్రదాయాలను, ఆచారాలను పాటించవలసినదిగానే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వు వైదిక విషయాలలో అర్చక, పండితుల నిర్ణయానికే ప్రాధాన్యమిచ్చింది. కనుక లేఖ అందిన వెంటనే దానిని ప్రధానార్చకునికి, స్థానాచార్యులకు పంపి, వారి అభిప్రాయాన్ని వ్రాతపూర్వకంగా తీసుకోవడం మొదటి మెట్టు. మాటమీద అడిగితే మాటమీదనే పోతుంది. రేపు వివాదం వస్తే అధికారిని గానీ అర్చకుని గానీ కాపాడేది ఆ కాగితమే.

ఆగమం గీసిన గీత

చిత్రీకరణకు హద్దు ఎక్కడ అని మనం కొత్తగా వెదకనక్కరలేదు. అది ఆలయ నిర్మాణంలోనే ఉంది. వైఖానస సంప్రదాయంలో ఒకే స్వామికి అయిదు బేరాలను చెబుతారు. గర్భాలయంలో కదలక నిలిచేది ధ్రువబేరం. నిత్యార్చనకు కౌతుకం, అభిషేకానికి స్నపనం, ఊరేగింపునకు ఉత్సవబేరం, బలిప్రదానానికి బలిబేరం. ఈ ఏర్పాటులో ఒక దయ ఉంది. గుడిలోకి రాలేనివారి కోసం స్వామియే ఉత్సవమూర్తిగా వీధిలోకి వస్తాడు. వాకిట నిలిచిన ముసలివారు, జబ్బుపడినవారు, పనిమీద పోతున్న బాటసారులు అందరూ చూడాలనే ఆ ఊరేగింపు. ఉత్సవమూర్తి వీధిలో ఉన్నపుడు కెమెరా చూపడం ఆ దయకు కొనసాగింపే. ధ్రువబేరం సంగతి వేరు. ఆయన వద్దకు మనం వెళ్ళాలి, స్నానం చేసి, గడప దాటి, తలవంచి. ఆ నడకలో సగం ఆరాధన ఉంది.

రెండవ గుర్తు తెర. నైవేద్య సమయంలో, అలంకార సమయంలో, ఆరాధనలో మరికొన్ని ఘట్టాలలో అర్చకుడు తెర వేస్తాడు. ఎదురుగా నిలిచిన భక్తునికే కనబడరాదని తెర వేసిన ఘట్టాన్ని, తెర వెనుక కెమెరా పెట్టి లోకానికి చూపడం ఏ తర్కానికీ నిలవదు. తెర భక్తునికి ఎంతో కెమెరాకూ అంతే.

సింహాచల క్షేత్రాన్ని ఉదాహరణగా తలచుకోండి. అక్కడి వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలో ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూప దర్శనమిస్తాడు. ఆ ఒక్కరోజు కోసం భక్తులు గంటల తరబడి వరుసలో నిలుస్తారు. ఆ నిజరూపాన్ని ఎవరో చిత్రించి ఇంటర్నెట్‌లో ఉంచితే, అది మూడు వందల అరవై రోజులూ ఎవరి చేతిలో పడితే వారి చేతిలో తిరుగుతుంది. అప్పుడు చందనపు పూతకు అర్థమేమి మిగులుతుంది? ఒకసారి వెలువడిన చిత్రాన్ని వెనుకకు తీసుకొనే ఉపాయం ఎవరివద్దా లేదు. అందుకే ఈ ఒక్క విషయంలో ఉదారత పనికిరాదు.

ఇపుడు మన నమూనా లేఖలోని అయిదు రోజులను ఈ గీతతో కొలుద్దాం. అంకురార్పణంలో మృత్సంగ్రహణానికి సాగే ఊరేగింపును దూరం నుండి చూపవచ్చు. రాత్రివేళ పాలికలలో నవధాన్యాలు నాటే క్రియను, ఆ పిమ్మట పాలికలు ఉంచిన చోటును విడిచిపెట్టాలి. ధ్వజారోహణం సకల దేవతలను ఆహ్వానించే బహిరంగ క్రియ. గరుడ పటం పైకి లేచే దృశ్యాన్ని నిరభ్యంతరంగా చూపవచ్చు. కల్యాణోత్సవం, వాహన సేవలు, రథోత్సవం, పుష్కరిణిలో చక్రస్నానం అన్నీ జనం నడుమ జరిగేవే. యాగశాలలో పూర్ణాహుతిని చూపవచ్చు గానీ, కుంభావాహన సమయంలో లోనికి పోరాదు. అష్టదిక్కులలో బలి వేసే వేళ అర్చకుని దారికి ఎవరూ అడ్డురాకూడదు కనుక అక్కడ కెమెరా వద్దు. మూలవిరాట్టు అభిషేకానికి, గర్భాలయంలోని ఏ దృశ్యానికీ అనుమతి లేదు. అంటే ఆయన అడిగినదానిలో అధిక భాగం లభిస్తుంది. లభించనిది కొంచెమే, ఆ కొంచెమే ఆలయానికి ప్రాణం.

ఒక మాట చెప్పాలి. ఇది వైఖానస ఆలయం మాట. పాంచరాత్రంలో వివరాలు కొంత మారవచ్చు. శివాలయాలలో లింగాభిషేకాన్ని భక్తులు ఎదుట నిలిచి చూసే ఆచారం చాలాచోట్ల ఉంది. ఒక ఆలయంలో ఇచ్చిన అనుమతిని చూపి మరొక ఆలయంలో అడిగితే చెల్లదు. ఎవరి ఆగమం వారికి ప్రమాణం.

శబ్దం విషయంలో మరింత జాగ్రత్త

చిత్రం గురించి ఆలోచించేవారు కూడా శబ్దం సంగతి మరచిపోతారు. అర్చకుడు పలికే మంత్రాలన్నీ ఒక్క తీరున పలికేవి కావు. సూక్తాలను, చతుర్వేద స్వస్తిని బిగ్గరగా స్వరయుక్తంగా చెబుతారు. న్యాసాలు, మూలమంత్ర జపం పెదవి కదిలీ కదలనట్లు ఉపాంశువుగానో, మనస్సులోనో సాగుతాయి. పక్కన నిలిచిన పరిచారకునికి కూడా వినబడరానిది అది. ఉత్తరీయానికి తగిలించిన మైకు ఆ గుసగుసను కూడా పట్టి లోకానికి వినిపిస్తుంది. గురుముఖతః, ఉపదేశంతో పొందవలసినదానిని ఆ మైకు ఎవరి చెవిలోనైనా వేస్తుంది. కాబట్టి మైకు అర్చకుని ఒంటిపై ఉండరాదు. వేదపారాయణ గోష్ఠి ఎదుట, నాదస్వర బృందం ఎదుట ఉంచితే చాలు.

సంకల్పంలో మరొక చిక్కు ఉంది. ఉభయదాతల గోత్రం, నక్షత్రం, కుటుంబసభ్యుల పేర్లు అర్చకుడు చదువుతాడు. స్వామికి విన్నవించుకొన్న ఆ వివరాలు, వారి ముఖాలతో సహా, వారి అనుమతి లేకుండా లోకమంతా వినడం ఉచితం కాదు. ఆ కాసేపు మైకు ఆపమని చెప్పడం చిన్న పని, దాని వలన తప్పే ఇబ్బంది పెద్దది.

ఇక క్లిప్పుల సంగతి. ఉదాత్త, అనుదాత్త, స్వరితాలతో సాగే అనువాకాన్ని ముప్పై సెకన్ల కొలతకు సరిపెట్టడానికి నడిమిలో కోసి, వెనుక సినిమా సంగీతం కలపడం ఈనాటి వాడుక. పదం సగంలో తెగితే అర్థం చెడుతుంది, స్వరం చెడుతుంది. క్లిప్పు పెట్టుకోదలచిన వారు వాక్యం పూర్తయినచోటనే ఆపాలనీ, వేదఘోషపై ఇతర సంగీతం కలపరాదనీ అనుమతి పత్రంలో వ్రాయాలి.

ఎవరు, ఎక్కడ నిలవాలి?

కెమెరా పట్టే మనిషి కూడా ఆలయంలో అడుగుపెట్టే మనిషే. స్నానం, సంప్రదాయ వస్త్రం, జాతాశౌచ మృతాశౌచాల నియమం అందరికీ ఉన్నట్లే ఆయనకూ ఉంటాయి. కెమెరా సంచులకు, పట్టీలకు, నడికట్టుకు తోలు ఉంటుందన్నది చాలామందికి తోచదు. వాటిని ముందే తీసివేయించాలి.

నిలిచే చోటు ఇంకా ముఖ్యం. గర్భాలయంలోని స్వామికీ, ఎదురుగా నిలిచిన గరుడాళ్వారుకూ నడుమ సూటిగా ఉండే దారిని అడ్డగించరాదు. బలిపీఠంపై సామాను పెట్టడం అపచారం. కల్యాణ వేదికపైకి కెమెరామెన్ ఎక్కి, స్వామికి వీపు పెట్టి భక్తుల వైపు తిరగడం, లేదా మాంగల్యధారణ వేళ వేలమంది దృష్టికి తామే అడ్డంగా నిలవడం మనం ఎన్నోచోట్ల చూస్తున్నాము. వేదికకు పక్కగా, దూరంగా, నేలమీద ఒక చోటు గుర్తించి, అక్కడి నుండే దూరదృశ్యాన్ని దగ్గరగా చూపే కటకంతో తీయమనాలి. స్నపనం జరిగే చోట నేల తడిసి ఉంటుంది కాబట్టి కరెంటు తీగలు అక్కడికి రాకూడదు. డ్రోను విషయంలో 2021 నాటి డ్రోన్ నియమాలు ఒకవైపు ఉన్నా, జనం కిక్కిరిసిన మాడవీధులపై ఆ యంత్రం ఎగరడం, విమాన కలశానికి పైన తిరగడం రెండూ కూడనివే.

చిత్రం ఎవరి ఆస్తి?

ఇక్కడే ఆలయాలు ఎక్కువగా నష్టపోతున్నాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, చిత్రించిన దృశ్యంపై హక్కు సాధారణంగా దానిని నిర్మించినవానిది. వేదం ఎవరి సొత్తూ కాదు, స్వామి ఎవరి సొత్తూ కాదు. అయినా ఆ రోజు తీసిన ఆ వీడియో మాత్రం చానల్ యజమాని సొత్తు అవుతుంది. హక్కు వ్యవధి వెలువడిన తరువాత అరవై ఏళ్లు. అనుమతి లేఖలో ‘చిత్రించుకోవచ్చును’ అని మాత్రమే వ్రాస్తే, రేపు అదే వీడియోను ఆలయం తన సొంత చానల్‌లో పెట్టుకోబోయినపుడు అభ్యంతరం రావచ్చు. ఇంటర్నెట్ సంస్థల యంత్రాంగం ఒకసారి ఎక్కించిన వీడియోను గుర్తుపట్టి, మరొకరు పెడితే ఆపేయగలదు. తన స్వామి ఉత్సవాన్ని తానే చూపుకోలేని ఆలయం ఎంత విచిత్రం!

హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని చట్టం చెబుతోంది. కాలపరిమితి వ్రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం వ్రాయకపోతే భారతదేశం మటుకేననీ భావిస్తారు. విదేశాలలోని భక్తులకు చూపదలచిన ఆలయం ఈ రెండింటినీ స్పష్టంగా వ్రాయించుకోవాలి. నాదస్వర విద్వాంసులకు, హరికథకులకు తమ ప్రదర్శనపై చట్టం వేరే హక్కునిచ్చింది. వారి సమ్మతి పత్రాన్ని కూడా జతచేయాలి. ఇంతకన్న సులువైన మార్గం మరొకటుంది. ఆలయమే సొంతంగా చిత్రింపజేసుకొని, అడిగిన చానళ్ళన్నింటికీ ఆ దృశ్యాలను షరతులతో ఇవ్వడం. ఏ దృశ్యం బయటికి పోవాలో అప్పుడు ఆలయం చేతిలోనే ఉంటుంది.

‘ఉచిత ప్రచారం’ అనే మాటను కూడా ఒకసారి తూచాలి. వీడియో నడుమ వచ్చే ప్రకటనల ఆదాయం చానల్‌ది. అది తప్పు కాదు, శ్రమకు ఫలం ఉండాలి. అయితే హారతి నడుమ ఏ వస్తువు ప్రకటన వస్తుందో నిర్ణయించేది యంత్రాంగమే గానీ ఆలయం కాదు. పైగా వీడియో క్రింద తన సొంత క్యూఆర్ కోడ్ ఉంచి ‘అన్నదానానికి విరాళాలు’ అని వ్రాస్తే, చూసేవారు ఆలయానికే ఇస్తున్నామనుకొంటారు. నకిలీ వెబ్‌సైట్ల విషయమై తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను ఎన్నోమార్లు హెచ్చరించవలసి వచ్చిందని మనకు తెలిసినదే.

సమాధాన లేఖ ఇలా ఉండవచ్చు

కార్యనిర్వహణాధికారి వ్రాయదగిన సమాధానం సారాంశం ఇది. “మీ లేఖను ప్రధానార్చకుల అభిప్రాయంతో పరిశీలించాము. ధ్వజారోహణం, వాహన సేవలు, కల్యాణం, పూర్ణాహుతి, రథోత్సవం, చక్రస్నానం చిత్రించవచ్చును. గర్భాలయం, మూలవిరాట్టు, తెర వేసిన సమయం, కుంభావాహనం, బలిప్రదానం చిత్రించరాదు. మృత్సంగ్రహణ యాత్రను దూరం నుండి చూపవచ్చును. అర్చకుల ఒంటిపై మైకు, డ్రోను అనుమతించబడవు. ఇద్దరు వ్యక్తులకు, గుర్తించిన రెండు చోట్ల మాత్రమే ప్రవేశం. ప్రత్యక్ష ప్రసారం అయిదు నిమిషాల ఆలస్యంతో సాగాలి, మా పరిచారకుడు ఆపమన్నపుడు ఆపాలి. పూర్తి చిత్రీకరణ ప్రతిని పది రోజులలో ఆలయానికి అందజేయాలి. దానిని ఏ దేశంలోనైనా, కాలపరిమితి లేకుండా వాడుకొనే హక్కు ఆలయానికి ఉండాలి. వీడియోతో విరాళాల పిలుపు ఉండరాదు. పాత చిత్రాన్ని ప్రత్యక్ష ప్రసారమని చూపరాదు. ఉల్లంఘించిన పక్షంలో వీడియోను తొలగించి, మరల అనుమతి కోరే అర్హత కోల్పోవుదురు.”

అయిదు నిమిషాల ఆలస్యం ఎందుకంటే, గాలికి తెర తొలగినా, అలంకారం జారినా సరిదిద్దుకొనే వ్యవధి ఉంటుంది. ప్రత్యక్షంగా పోయినది తిరిగి రాదు.

చూసే మన వంతు

ఇంట కూర్చుని చూసే మనకూ కొంత కర్తవ్యం ఉంది. ప్రత్యక్ష ప్రసారమని వేసినది నిజంగా నేటిదేనా అని తెలుసుకోవడానికి పంచాంగమే సాక్షి. సంకల్పంలో చదివే సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం ఆనాటి పంచాంగంతో కలుస్తాయేమో వినండి. కలియకపోతే అది పాత వీడియో. విరాళం పంపేముందు క్యూఆర్ కోడ్‌లో కనబడే ఖాతాపేరు ఆలయం అధికారిక నామమేనా చూడండి, రసీదు ఇవ్వనివారికి పంపకండి. గర్భాలయ దృశ్యం ఎవరైనా పంపితే, అది ఎంత అందంగా ఉన్నా మరొకరికి పంపకండి.

చానల్ యజమానులకు ఒక మనవి. ఈసారి లేఖ వ్రాసేటపుడు ‘సమస్త కైంకర్యాలు’ అని వ్రాయవద్దు. ఏ రోజు, ఏ వేళ, ఏ సేవ, ఎక్కడ నిలిచి, ఎందరు, ఎందులో ప్రసారం, ఆదాయమెవరికి, ప్రతి ఎవరికి అనే ఎనిమిది విషయాలు వ్రాయండి. అంత వివరంగా అడిగినవానికి ‘వీలుపడదు’ అని ఒక్క మాటతో జవాబివ్వడం ఏ అధికారికీ సులభం కాదు. అడగనిదానిని తీయరని నమ్మకం కుదిరితే, అడిగినదానిని ఇవ్వడానికి ఏ అర్చకుడూ వెనుదీయడు.